‘అదంతా సరే, మీరేమంటారు?’

2023లో, ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో, సివిల్ సర్వీసెస్ ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నాను. అప్పటికి పది నిమిషాలయ్యింది. అంతవరకూ మా జిల్లా గురించీ, నా ఇంజనీరింగ్ గురించీ అడిగారు. ఎడమవైపు చివర కూర్చున్న మెంబర్ నా దరఖాస్తు కాగితం ఒకసారి చూసి అడిగారు: “మీది నెల్లూరు జిల్లా. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన చోటు. మొన్న డిసెంబరులో బీహార్‌లోని సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో చచ్చిపోయారు. అక్కడ 2016 నుంచి సంపూర్ణ మద్యనిషేధం ఉంది. దేశమంతా మద్యనిషేధం పెట్టాలా, వద్దా?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. రాసి పెట్టుకున్న జవాబు కూడా ఉంది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధం కోసం ప్రయత్నించమంటుంది, మహిళల భద్రత, కుటుంబ ఆదాయం ఒకవైపు, రాష్ట్ర ఖజానా, కల్తీసారా మరొకవైపు, కాబట్టి రెంటినీ సమన్వయం చేసుకుంటూ అవగాహన కార్యక్రమాలు చేపట్టాలి. గడగడా చెప్పేశాను.

“అదంతా సరే, మీరేమంటారు?” అన్నారాయన.

నేను మళ్ళీ అదే చెప్పాను, మాటలు మార్చి. దశలవారీగా అన్నాను, సమతుల్యం అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, “అంటే మీకు అభిప్రాయం లేదా? మీ జిల్లా ఆడవాళ్ళకి ఉంది కదా!” అన్నారు.

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. మాది కలిగిరి వైపు పల్లె. దూబగుంట రోశమ్మ పేరు వింటూ పెరిగాను. మా అమ్మమ్మ 1992లో ఊళ్ళో సారా దుకాణం ముందు బైఠాయించిన ఆడవాళ్ళలో ఒకరు. గొంతు పెరిగింది, మాటల వేగం పెరిగింది. మా అమ్మమ్మ కథంతా చెప్పి, “సంపూర్ణ నిషేధం పెట్టాల్సిందే సర్” అని ముగించాను. ఆయన శాంతంగా, “మరి సారణ్‌లో చచ్చిపోయినవాళ్ళు?” అన్నారు. నా దగ్గర మాట లేదు. అంతకు రెండు నిమిషాల ముందు కల్తీసారా ప్రమాదం గురించి చెప్పింది నేనే. మిగిలిన సమయమంతా నేను ఆ జవాబులోనే ఉండిపోయాను. వేరే మెంబర్ చేనేత గురించి అడిగితే ప్రశ్న సగం వినకుండానే మొదలుపెట్టాను.

ఆ ఏడు ఇంటర్వ్యూలో 275కి 143 వచ్చాయి. జాబితాలో పేరు రాలేదు. ఏ జవాబుకి ఎన్ని మార్కులు పడ్డాయో ఎవరికీ చెప్పరు కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నే ముంచిందని నేను అనలేను. కానీ ఆ గదిలో నా నిబ్బరం ఎక్కడ పోయిందో మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. గొంతు పెంచినప్పుడు పోలేదు. అంతకు ముందే, “సమన్వయం చేసుకుంటూ” అన్న మొదటి జవాబులోనే పోయింది. ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

మనకి కోచింగుల్లో, మాక్ ఇంటర్వ్యూల్లో ఒకే సలహా దొరుకుతుంది: వివాదాస్పద విషయం వస్తే బ్యాలెన్స్‌డ్‌గా చెప్పు, రెండు వైపులా చెప్పు, మధ్యలో ఆగు. నేను వెళ్ళిన ఒక చోట అయితే ఏ ప్రశ్న వచ్చినా వాడుకోవడానికి నాలుగు వాక్యాల అచ్చు ఇచ్చారు. ఈ సలహా తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది అభ్యర్థిని కాపాడదు సరికదా, కంగారుకి దారి తీసేది ఇదే.

ఎందుకంటే గోడమీద పిల్లిలా కూర్చున్నవాణ్ణి ఎవరైనా ఒక వేలితో తోయొచ్చు. “మీరేమంటారు?” అన్న రెండు మాటలు చాలు. అప్పటికి నీ దగ్గర నిజంగా ఆలోచించి పెట్టుకున్న అభిప్రాయం ఉండదు, నీ ఇంట్లో, నీ ఊళ్ళో, నీ కులంలో, నీ ఫోన్‌లో పోగైన ఆవేశం మాత్రమే ఉంటుంది. తోసినప్పుడు బయటికొచ్చేది అదే. నా విషయంలో జరిగింది అదే.

యూపీఎస్సీ నోటిఫికేషన్‌లో ఈ పరీక్ష దేనికో రాసి ఉంటుంది. మనలో చాలామంది వయసు, ఫీజు, తేదీలు చూసి అక్కడితో మూసేస్తాం. పర్సనాలిటీ టెస్ట్ గురించిన ఆ పేరాలో చూడాలనుకునే లక్షణాల జాబితా ఉంటుంది: చురుకుదనం, విషయాన్ని విమర్శనాత్మకంగా గ్రహించే శక్తి, స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, నిర్ణయంలో సమతూకం, మేధాపరమైన, నైతికమైన నిజాయితీ, ఇంకా కొన్ని. అడ్డసవాళ్ళు వేసే కోర్టు విచారణలా కాకుండా, సహజంగా, కానీ ఒక ఉద్దేశంతో నడిచే సంభాషణలా ఇది సాగుతుందని కూడా అందులోనే ఉంది. నన్ను ఆపిన మాట ‘నిర్ణయంలో సమతూకం’. సమతూకం ఉండాల్సింది నిర్ణయంలో. అంటే ముందు ఒక నిర్ణయం ఉండాలి. రెండు తట్టల్లో చెరొక రాయి వేసి తక్కెడ పక్కన పెట్టేస్తే అది తూకం అవ్వదు, ఏది బరువో చెప్పాలి. నైతిక నిజాయితీ అన్న మాట కూడా అదే పేరాలో ఉంది మరి. అడిగినవాళ్ళకి నచ్చేది ఊహించి చెప్పే జవాబులో అదెక్కడుంటుంది?

బోర్డులో యూపీఎస్సీ సభ్యుడో సభ్యురాలో అధ్యక్షత వహిస్తారు, మామూలుగా ఇంకో నలుగురుంటారు. మన మెయిన్స్ మార్కులు వాళ్ళకి తెలియవు. వాళ్ళ ముందుండేది మనం నింపిన దరఖాస్తు, అరగంట సమయం. మనం ఏ బోర్డుకి వెళ్తామో మనకీ చివరి నిమిషం దాకా తెలియదు. కాబట్టి ఫలానా మెంబర్‌కి ఫలానా అభిప్రాయం ఉంటుందట అని లెక్కలు వేసుకోవడం వల్ల టెన్షన్ పెరగడం తప్ప ఇంకేమీ ఉండదు.

తర్వాతి రెండేళ్ళలో నేను నేర్చుకున్నది ఒక్కటే పని. వివాదాస్పద ప్రశ్న ఏదైనా, ముందు దాన్ని విడదీయడం. అలాంటి ప్రతి ప్రశ్నలో లెక్కలతో తేలే భాగం ఒకటుంటుంది, చట్టం ఇప్పటికే చెప్పేసిన భాగం ఒకటుంటుంది, ఇవి రెండూ తీసేశాక ఏది ముఖ్యం అన్న ఎంపిక మిగులుతుంది. నిజమైన అభిప్రాయం ఆ చివరి ముక్కలోనే ఉంటుంది. మనుషులు పోట్లాడుకునేది చాలాసార్లు ఈ మూడూ కలిసిపోవడం వల్ల. కంగారు పుట్టేది కూడా అక్కడే: అవతలివారు లెక్క అడుగుతున్నారో, నా విలువ అడుగుతున్నారో తెలియకుండా నేను మొత్తాన్ని ఒకేసారి కాపాడుకోవాలని చూస్తాను.

దీన్ని మాటలతో వివరించడం కన్నా, 2025 ఇంటర్వ్యూకి ముందు నేను ఒక ప్రశ్న మీద పని చేసిన తీరు చెప్తాను. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో నియోజకవర్గాల పునర్విభజన మీద, అంటే జనాభాని బట్టి రాష్ట్రాలకి లోక్‌సభ సీట్లు మళ్ళీ పంచడం మీద, దేశమంతా మాటలు నడుస్తున్నాయి. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ మార్చి 5న అఖిలపక్షం పెట్టారు. దక్షిణాదికి ఒక్క సీటు కూడా తగ్గదని అంతకు ముందే కేంద్ర హోంమంత్రి అమిత్ షా కోయంబత్తూరులో అన్నారు. తెలుగు అమ్మాయిని, మార్చిలో ఇంటర్వ్యూ. అడగకుండా ఉంటారా?

నా మొదటి స్పందన మన ఇళ్ళల్లో అందరిదీ: మనం ఇద్దరు పిల్లలతో ఆగాం, దానికి శిక్షా ఇది? ఇది నిజమైన బాధే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది పట్టుకుని గదిలోకి వెళ్తే 2023 మళ్ళీ జరుగుతుంది. అందుకే ముందు లెక్కల దగ్గర కూర్చున్నాను.

రాష్ట్రాలకి లోక్‌సభ సీట్ల సంఖ్య ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. 1976లో 42వ సవరణ దాన్ని స్తంభింపజేసింది, 2001లో 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. నా పక్క కుర్చీలో చదువుకునే రాజస్థాన్ స్నేహితురాలు ఒకరోజు ఒక మాట అంది. “మీ ఆంధ్రాకి 25 సీట్లు, మా రాజస్థాన్‌కీ 25. మరి 2011 జనాభా చూడు.” చూశాను. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కి దాదాపు 5 కోట్లు, రాజస్థాన్‌కి 6.85 కోట్లు. అంటే మా ఎంపీ సుమారు 20 లక్షల మందికి, వాళ్ళ ఎంపీ 27 లక్షల మందికి ప్రతినిధి. 543 సీట్లనే 2011 జనాభా ప్రకారం పంచితే మాకు 22 దగ్గర వస్తాయి, వాళ్ళకి 30 దాటతాయి.

ఆ రాత్రి నేను చేసిన పనే ఇప్పుడు నా దగ్గరికొచ్చే జూనియర్లందరికీ చెప్తున్నాను. ఆమె వాదన నేను రాశాను. ఎలా రాశానంటే, ఆమెకి చూపిస్తే, “అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే” అని ఒప్పుకునేదాకా రాశాను. మూడుసార్లు తిప్పి కొట్టింది. మొదటిసారి, “జనాభా ఎక్కువున్న రాష్ట్రాలు అధికారం కోరుకుంటున్నాయి” అని రాశాను. ఆమె, “రాష్ట్రం సంగతి తర్వాత, మా అమ్మ ఓటుకి మీ అమ్మ ఓటు కన్నా తక్కువ విలువ ఎందుకుండాలి, అది రాయి” అంది. నిజానికి 81వ అధికరణం చెప్పేది కూడా అదే: సాధ్యమైనంతవరకు జనాభాకీ సీట్లకీ నిష్పత్తి అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండాలని. అంటే చట్టం మూల సూత్రం ఆమె వైపుంది, యాభై ఏళ్ళుగా నడుస్తున్న మినహాయింపు నా వైపుంది. ఇది నాకు అప్పటిదాకా తట్టలేదు.

తర్వాత ఆమె చేత నా వైపు వాదన రాయించాను. కుటుంబ నియంత్రణ కేంద్రమే అడిగింది, మాట విన్న రాష్ట్రానికి పార్లమెంటులో బరువు తగ్గితే రేపు ఏ రాష్ట్రమైనా కేంద్రం మాట ఎందుకు వింటుంది అని రాసింది. నేను రాసుకున్నదానికన్నా బాగా రాసింది.

అలా అయిదారు రోజులు గడిచాక నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అది మధ్యమార్గం కాదు. లోక్‌సభలో ఓటు విలువ సమానం కావాల్సిందే, కానీ ఒక్కసారిగా కాదు, ఏ రాష్ట్రానికీ ఉన్న సీట్లు తగ్గకుండా సభ పెంచి. రాష్ట్రాల భయానికి జవాబు రాజ్యసభలో వెతకాలి. ఈ అభిప్రాయానికి మూల్యం ఏమిటో కూడా కాగితం మీద రాసుకున్నాను: సంఖ్య తగ్గకపోయినా సభలో మా రాష్ట్రం వాటా తగ్గుతుంది. ఆ వాక్యం రాసేటప్పుడు బాధేసింది. కానీ తర్వాత ఆ గదిలో నన్ను నిలబెట్టింది ఆ వాక్యమే.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరిగింది, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. (మెయిన్స్ తెలుగులో రాసినవాళ్ళు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు, అనువదించేవారు పక్కన ఉంటారు. నా స్నేహితుడొకడు అలాగే ఇచ్చాడు. అనువాదం జరిగే ఆ కొన్ని క్షణాలు ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చాయని చెప్పాడు.)

బోర్డు మెంబర్లలో ఒక మేడమ్ అడిగారు: “పునర్విభజన మీద దక్షిణాది రాష్ట్రాల ఆందోళన న్యాయమైనదేనా?”

ప్రశ్న పూర్తయ్యాక ఒక్క ఊపిరి తీసుకున్నాను. “ఆందోళనకి కారణం న్యాయమైనదే మేడమ్. దానికి పరిష్కారంగా 1971 లెక్కల్ని ఎప్పటికీ కొనసాగించమనడం మాత్రం సరైంది కాదని నా అభిప్రాయం” అని మొదలుపెట్టాను. రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ పోలిక చెప్పాను. మొదటి వాక్యంలోనే అభిప్రాయం చెప్పడం నేను కావాలని అలవాటు చేసుకున్నది. అభిప్రాయం చివరికి దాచుకుంటే, చెప్పేదాకా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ముందే చెప్పేస్తే మిగిలిన సమయం దాన్ని వివరించడానికే సరిపోతుంది.

మాట్లాడుతూ ఒక తప్పు చేశాను. “1971 నుంచి నియోజకవర్గాలు ఏమీ మారలేదు” అనేశాను. కుడివైపున్న ఒక మెంబర్ వెంటనే, “ఏమీ మారలేదా? మీ నెల్లూరు నియోజకవర్గం సరిహద్దులు మారలేదూ?” అన్నారు. చెవులు వేడెక్కాయి. 2023లో ఇలాంటి చోట నేను తప్పుని సమర్థించుకునేదాన్ని. ఈసారి, “నేను చెప్పింది తప్పు సర్. రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది మారలేదు, రాష్ట్రం లోపలి సరిహద్దులు మాత్రం 2001 లెక్కలతో మార్చారు, 2008 నుంచి అమల్లోకి వచ్చాయి. నా వాదన రాష్ట్రాల మధ్య పంపకం గురించి కాబట్టి అది అలాగే ఉంటుంది” అన్నాను.

ఈ చివరి వాక్యం గురించి ఒక మాట. తప్పు దిద్దినప్పుడు చాలామంది సారీ చెప్పి మొత్తం జవాబే వదిలేస్తారు, లేకపోతే తప్పునే పట్టుకుని వేలాడతారు. దిద్దిన విషయం లెక్కకి సంబంధించినదా, అభిప్రాయానికి సంబంధించినదా అని చూసుకోవాలి. లెక్క తప్పితే లెక్క సరిచేసుకోవాలి. ఆ లెక్క మీదే అభిప్రాయం నిలబడి ఉంటే అభిప్రాయం కూడా మార్చుకోవాలి, అక్కడే, వాళ్ళ ముందే. లేదంటే ఎందుకు మారదో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళాలి. విడదీసి పెట్టుకున్నవారికి ఇది కష్టం కాదు. అన్నీ కలిపేసుకున్నవారికి ఒక అంకె పోతే మొత్తం కూలినట్టుంటుంది.

అదే మెంబర్ ఊరుకోలేదు. “ఈ మాట మీ ఊళ్ళో చెప్పగలరా? మిమ్మల్ని ద్రోహి అంటారు కదా” అన్నారు. ఇది రెచ్చగొట్టడానికే అన్నారని అప్పుడే తెలిసింది. ఎలా అంటే, అందులో లెక్కా లేదు, చట్టమూ లేదు, ఉన్నదల్లా నేనూ మా ఊరూ. అలాంటి మాట వచ్చినప్పుడు జవాబు పొట్టిగా, మన గురించే ఉండాలి. “చెప్పగలను సర్. కానీ మొదటి మాటగా చెప్పను. వాళ్ళు నష్టపోతున్నామని ఎందుకు అనుకుంటున్నారో ముందు వింటాను, అందులో నిజముందని ఒప్పుకుంటాను. మా రాష్ట్రం వాటా తగ్గుతుందన్నది నేనూ దాచను” అన్నాను. కాగితం మీద ముందే రాసుకున్న మూల్యం ఇక్కడ పనికొచ్చింది. నా అభిప్రాయంలోని నొప్పి ఏమిటో నాకు ముందే తెలుసు కాబట్టి, ఆయన దాని మీద వేలు పెట్టినా ఉలిక్కిపడలేదు.

అప్పుడు మేడమ్ అసలైన ప్రశ్న వేశారు. “రాష్ట్రాల భయానికి జవాబు రాజ్యసభలో ఉందన్నారు. రాజ్యసభ సీట్లు కూడా జనాభాని బట్టే ఉన్నాయి కదా?” నిజమే. అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే. మన దగ్గర అలా లేదు, ఉత్తరప్రదేశ్‌కి 31, మాకు 11. నాలుగో షెడ్యూలు మార్చాల్సి ఉంటుందన్నాను. “పెద్ద రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకుంటాయి?” అన్నారు. “లోక్‌సభలో వాళ్ళకి పెరిగేదానికి బదులుగా అడగొచ్చనుకుంటున్నాను మేడమ్. కానీ అది కుదురుతుందని నమ్మకంగా చెప్పలేను. నా అభిప్రాయంలో బలహీనమైన భాగం ఇదే” అన్నాను. ఆవిడ తలూపి ముందుకెళ్ళారు.

అక్కడ ఆగడం నాకు చాలా కష్టమైంది. ఏదో ఒకటి కల్పించి పూడ్చాలని నోటిదాకా వచ్చింది. అభిప్రాయానికి ఒక హద్దు ఉంటుంది, అక్కడిదాకానే నేను ఆలోచించాను అని చెప్పడానికి సిగ్గుపడితే, ఆ హద్దు దాటి నడిచే ప్రతి అడుగూ జారేదే.

చివరగా చైర్మన్ అడిగారు: “పార్లమెంటు మీకు నచ్చని విధంగా పునర్విభజన చట్టం చేసింది. మీరు కలెక్టర్. ఏం చేస్తారు?” పబ్లిక్ సర్వీస్ ఇంటర్వ్యూ మిగతా చర్చలన్నిటికన్నా వేరయ్యేది ఇక్కడ. టీవీ చర్చలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. అమలు చేస్తానని చెప్పి ఆగిపోతే అది సగం జవాబే, చెయ్యనని ఎవరూ అనరు కాబట్టి. నేను పని గురించి చెప్పాను. పునర్విభజన కమిషన్ ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణలు పెడుతుంది. నాకు నచ్చని ముసాయిదా అయినా, నా జిల్లాలో దాన్ని వ్యతిరేకించేవాళ్ళ అభ్యంతరాలూ, సమర్థించేవాళ్ళ అభిప్రాయాలూ రెండూ గడువులోపల కమిషన్‌కి చేరేలా చూడటం నా పని. తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక దానికి చట్టబలం ఉంటుంది. ఆ తర్వాత నేను జిల్లా ఎన్నికల అధికారిగా కొత్త సరిహద్దుల ప్రకారం ఓటర్ల జాబితా తయారుచేయిస్తాను. నా అభిప్రాయం నాతో ఇంట్లో ఉంటుంది అన్నాను.

ఈసారి 182 వచ్చాయి. మళ్ళీ చెప్తున్నా, ఏ జవాబుకి ఎన్నో తెలియదు.

ఇక్కడ ఒక అభ్యంతరం నేను చాలాసార్లు విన్నాను. ప్రభుత్వోద్యోగి తటస్థంగా ఉండాలి కదా, బోర్డు ముందు అభిప్రాయం చెప్పడం ఆ తటస్థతకి విరుద్ధం కాదా అని. ఆలిండియా సర్వీసుల ప్రవర్తన నియమాలు 1968లో వచ్చాయి. రాజకీయాల్లో పాల్గొనకూడదని, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని అవి అంటాయి. అభిప్రాయం ఉండకూడదని అనవు. నాలుగ్గోడల మధ్య ఒక అధికారిని ఎంచుకోవడానికి కూర్చున్నవాళ్ళు అడిగినప్పుడు చెప్పడం వేరు, మైకు ముందు చెప్పడం వేరు. అయితే కొన్నిటికి నేను జవాబు చెప్పను. ఫలానా నాయకుడు మంచివాడా, ఫలానా పార్టీ మంచిదా అని అడిగితే, ఆ ప్రభుత్వం చేసిన ఒక పథకం గురించి మాట్లాడగలను, మనుషుల్ని పోల్చలేను అంటాను. అలా అనడానికి నిబ్బరం కావాలి, తప్పించుకోవడం కాదది.

ఇంకో సంగతి, ప్రశ్న నీ సొంత జీవితాన్ని తాకినప్పుడు. నా స్నేహితుడొకణ్ణి ఎస్సీ వర్గీకరణ గురించి అడిగారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో రాష్ట్రాలు వర్గీకరించవచ్చని తీర్పిచ్చింది, 2004లో మన ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టేసిన చిన్నయ్య తీర్పుని పక్కన పెట్టి. వాడు మొదట చెప్పిన వాక్యం, “ఈ తీర్పు మా ఇంటి మీద నేరుగా ప్రభావం చూపుతుంది సర్, ఆ సంగతి ముందే చెప్పి నా అభిప్రాయం చెప్తాను” అని. ఆ ఒక్క వాక్యంతో, “మీరు ఫలానా కాబట్టి ఇలా అంటున్నారు” అన్న ప్రశ్న పుట్టకముందే పోయింది. 2023లో నేను మా అమ్మమ్మని చివర్లో, ఆయుధంలా బయటికి తీశాను. మొదటే చెప్పి ఉండాల్సింది.

ఆ పాత ప్రశ్నని నేను తర్వాత మళ్ళీ రాసుకున్నాను. 1992లో మా అమ్మమ్మవాళ్ళు అడిగింది ఊళ్ళో దుకాణం ఎత్తేయమని. ప్రభుత్వమే వేలం పాట పెట్టి అమ్మించే సారా అది. వాళ్ళ పోరాటంతో 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం వేరు, అది రెండేళ్ళకే సడలింది. బీహార్ 2016 చట్టం ఇంకా వేరు: తాగినవాణ్ణే నేరస్థుణ్ణి చేసి జైలుకి పంపింది. కోర్టులు బెయిలు దరఖాస్తులతో నిండిపోయాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ, ముందుచూపు లేకుండా రాసిన చట్టానికి ఉదాహరణగా దాన్నే చెప్పారు. 2022లో సవరించి మొదటిసారి దొరికినవాళ్ళని జరిమానాతో వదిలే వీలు కల్పించారు. ఇప్పుడు నా జవాబు ఇది: తాగేవాణ్ణి శిక్షించే నిషేధానికి నేను వ్యతిరేకం, ఊరి ఆడవాళ్ళు వద్దన్న చోట దుకాణం ఉండకూడదన్నదానికి అనుకూలం. దీనికి మూల్యం, పక్క ఊళ్ళో దుకాణం ఉంటే మగవాళ్ళు అక్కడికి వెళ్తారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇది అమ్మమ్మకి చెప్పాను. వక్కాకు నములుతూ చివరిదాకా వింది.

“తాగినోణ్ణి జైల్లో ఏస్తే కూలికి ఎవురు పోతారే? అది సరే” అంది. కాసేపాగి, “మేం సారా అంగడి మూయించినాం. పోలీసోళ్ళొచ్చి సీలేసి పొయినారు. ఏడాది తిరక్కముందే బస్టాండు కాడ బ్రాందీ అంగడి పెట్టినారు. ఊరికి అవతల, మైలు దూరం. అది మా ఊరిది కాదు గదా, మమ్మల్ని అడగాల్సిన పన్లేదన్నారు. నువ్ కలెక్టరమ్మవైతే దాన్నేం జేస్తావ్?” అంది.

ఆ దుకాణం ఊరి పొలిమేర దాటి ఎంత దూరంలో ఉందో, అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరిని అడగాలని ఎక్సైజు నిబంధనల్లో ఉందో ఇప్పుడు చూస్తున్నాను. జవాబు ఇంకా రాయలేదు.